కోటా బియ్యం అమ్ముకున్నారా? నిజం చెప్పించే రూపాయి నాణెం.. అందుకు సర్వే ఎంత నష్టపోతుంది?

నిడదవోలులో ఒక ఇంటి తలుపు కొట్టి, ‘‘అమ్మా, గత నెల మీకొచ్చిన కోటా బియ్యం ఎవరికైనా అమ్మారా?’’ అని అడిగితే ఏం జవాబు వస్తుంది? దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట: ‘‘అబ్బే, మేమే తింటామండీ.’’

ఆ మాట నిజమే కావచ్చు. కాకపోనూవచ్చు. గోదావరి కాలువల కింద వరి పండే ఈ ప్రాంతంలో చాలామందికి సన్నబియ్యం అలవాటు. రేషన్‌లో వచ్చేవి దొడ్డుబియ్యం. అవి వీధిలో తిరిగే కొనుగోలుదారుల సంచుల్లోకి వెళ్లి, మిల్లులో పాలిష్ పడి, మళ్లీ మార్కెట్లోకో ఓడరేవుకో చేరుతున్నాయన్న వార్తలు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. 2024 నవంబరులో కాకినాడ పోర్టులో ఒక నౌకను ఆపాలంటూ ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ అన్న మాట దేశమంతా వినిపించింది. రేషన్ బియ్యం అక్రమంగా కొన్నా, తరలించినా నిత్యావసర వస్తువుల చట్టం కింద కేసులు పెడతారు. అమ్మిన ఇంటికి ఉండే భయం వేరు. ‘కార్డు తీసేస్తారేమో’ అన్నదే ఆ భయం. అలాంటప్పుడు ముక్కూమొహం తెలియని సర్వే మనిషికి ఎవరు ‘అవును’ అంటారు?

అయినా ప్రభుత్వానికి ఆ అంకె కావాలి. ఉచితంగా ఇస్తున్న బియ్యంలో ఎంత కార్డుదారుల ఇళ్లలో వండుతున్నారు, ఎంత బయటికి పోతోంది అన్నది తెలియకుండా రకం మార్చాలా, పరిమాణం మార్చాలా, డబ్బు ఇవ్వాలా అన్న చర్చ గాలిలోనే సాగుతుంది. గోదాముల నుంచి వెళ్లిన సరుకులోంచి, జనం తిన్నామని చెప్పిన సరుకును తీసేసి ‘లీకేజీ’ లెక్కగట్టే పద్ధతి ఒకటుంది. కానీ బియ్యం షాపుకు చేరకముందే మాయమయ్యాయా, ఇంటికి చేరాక అమ్ముడయ్యాయా అన్నది ఆ తీసివేత చెప్పదు. మొదటిది జరిగితే తప్పు దారిలో ఉన్నట్టు. రెండోది జరిగితే బియ్యం రకంలో ఉన్నట్టు. రెండింటికీ మందు ఒకటి కాదు.

ఇంటి నుంచే నిజం రాబట్టాలి, అయినా ఆ ఇంటి గుట్టు బయటపడకూడదు. ఈ చిక్కుముడికి గణాంక శాస్త్రంలో అరవై ఏళ్ల కిందటే ఒక దారి దొరికింది. దాని పేరు రాండమైజ్డ్ రెస్పాన్స్.

నాణెం ఎలా పనిచేస్తుంది?

నిడదవోలు పట్టణంలో రైస్ కార్డులున్న ఇళ్ల జాబితా నుంచి లాటరీ పద్ధతిలో 400 ఇళ్లు ఎంచుకున్నామనుకుందాం. ఇది లెక్క అర్థం కావడానికి అనుకుంటున్న సర్వే మాత్రమే, ఎక్కడా జరిగింది కాదు. సర్వేకు వెళ్లినవారు ఇంటావిడకు ఇలా చెబుతారు:

‘‘అమ్మా, మీ దగ్గరున్న రూపాయి బిళ్ల తీసుకోండి. నేను అటు తిరిగి నిలబడతాను. మీరు ఎగరేసి చూసుకోండి, నాకు చూపించొద్దు. బొమ్మ పడితే మీరు బియ్యం అమ్మినా అమ్మకపోయినా సరే, ‘అవును’ అనండి. బొరుసు పడితే మాత్రం నిజం చెప్పండి. గత 30 రోజుల్లో కోటా బియ్యంలో కొంతైనా అమ్మారా?’’

ఆవిడ ‘అవును’ అంటుంది. అది నాణెం చెప్పించిన ‘అవును’ కావచ్చు, నిజంగా అమ్మిన ‘అవును’ కావచ్చు. ఆ తేడా సర్వే మనిషికి తెలియదు. రేపు ఎవరైనా ఆ కాగితం చేజిక్కించుకున్నా వారికీ తెలియదు. కార్డు తీసేయడానికి అది సాక్ష్యం కాదు.

నాణెం ఆవిడదే అయి ఉండటం ముఖ్యం. సర్వేవాళ్లే బిళ్ల తెచ్చిస్తే ‘ఇందులో ఏదో మతలబు ఉంది’ అన్న అనుమానం మొదలవుతుంది. (చిన్న కొట్టులోనూ ఫోన్‌తోనే చెల్లిస్తున్న ఈ రోజుల్లో ఇంట్లో రూపాయి బిళ్ల వెతకడమే ఒక పని. అందుకని పది రూపాయల నోటు మీద నంబరులో చివరి అంకె సరి అయితే బొమ్మ, బేసి అయితే బొరుసు అనుకోమన్నా చెల్లుతుంది.)

ఇప్పుడు లెక్క. 400 ఇళ్లలో 248 ‘అవును’లు వచ్చాయనుకోండి. నాణెం సరైనదైతే సుమారు 200 ఇళ్లలో బొమ్మ పడి ఉంటుంది. ఆ 200 మందీ చెప్పింది నాణెం మాట. వాటిని తీసేస్తే మిగిలేవి 48. అవి బొరుసు పడిన 200 ఇళ్ల నుంచి వచ్చిన నిజమైన ‘అవును’లు. 200లో 48 అంటే 24 శాతం. ఎవరింట్లో అమ్మారో ఒక్కటీ తెలియకుండానే, పట్టణంలో నాలుగిళ్లకు దాదాపు ఒకటి అమ్ముతోందని తేలింది.

ఈ ఆలోచనను మొదట ప్రచురించింది అమెరికాకు చెందిన స్టాన్లీ వార్నర్. 1965లో వచ్చిన ఆయన పద్ధతి కొంచెం వేరు. జవాబుదారు ఒక తిరిగే ముల్లును తిప్పుతారు. అది ఒక వైపు ఆగితే ‘నేను ఈ పని చేశాను’ అన్న వాక్యానికీ, మరో వైపు ఆగితే ‘నేను ఈ పని చేయలేదు’ అన్న వాక్యానికీ అవునో కాదో చెప్పాలి. ఇందులో ఒక తమాషా ఉంది. వార్నర్ పద్ధతిలో ముల్లు బదులు మామూలు నాణెం వాడితే సర్వే మొత్తం వృథా. రెండు వాక్యాలకూ సగం సగం అవకాశం వస్తే, పట్టణంలో ఎంతమంది అమ్మినా ‘అవును’లు ఎప్పుడూ 50 శాతం దగ్గరే ఉంటాయి. అందుకే నాణేన్ని పైన చెప్పినట్టు ‘బొమ్మ పడితే అవును’ అన్న నియమంతో వాడతారు.

ఈ విషయంలో తెలుగువారికీ చెప్పుకోదగ్గ పాత్ర ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు, ఈ పద్ధతులపై 2016లో వెలువడిన పెద్ద సంకలనానికి సంపాదకుల్లో ఒకరు. అంతకు ముందే, 1979లో, అమెరికాలోని టెంపుల్ యూనివర్సిటీలో పనిచేసిన దామరాజు రాఘవరావు, వాల్టర్ ఫెడరర్‌తో కలిసి నాణెం అక్కర్లేని ప్రత్యామ్నాయం చూపించారు. కొన్ని ప్రశ్నల కట్ట ఇస్తారు. ఒక్కో ప్రశ్నకు జవాబు చెప్పక్కర్లేదు, అన్నింటి మొత్తం చెబితే చాలు. వేర్వేరు మనుషులకు వేర్వేరు కట్టలు ఇచ్చి, ఆ మొత్తాల నుంచి ఒక్కో ప్రశ్న సంగతి విడదీస్తారు.

గుట్టు దాచినందుకు ఖర్చెంత?

ఉచితంగా ఏదీ రాదు. పై లెక్కలో ‘సుమారు 200’ అన్న మాట దగ్గర ఆగండి. అసలు ఖర్చు అక్కడే ఉంది.

నాణెం 400 సార్లు ఎగరేస్తే సరిగ్గా 200 సార్లు బొమ్మ పడటం అరుదు. 190 నుంచి 210 మధ్య పడటం మామూలు. 180కి దిగినా, 220కి ఎక్కినా వింతేమీ కాదు. మనకు చేరింది 248 ‘అవును’లు మాత్రమే. వాటి వెనక ఎన్ని బొమ్మలున్నాయో తెలియదు. అసలు బొమ్మలు 210 పడి ఉంటే, నిజమైన ‘అవును’లు 190 ఇళ్లలో 38, అంటే 20 శాతం. 190 పడి ఉంటే 210 ఇళ్లలో 58, అంటే దాదాపు 28 శాతం. చేతిలో ఉన్న కాగితాలు అవే. నాణెం గాలిలో ఎలా తిరిగిందన్న దాన్నిబట్టి జవాబు ఎనిమిది పాయింట్లు మారిపోయింది.

దీనికి తోడు రెండో నష్టం. బొమ్మ పడిన ఇళ్లు మనకేమీ చెప్పలేదు. 400 ఇళ్ల తలుపులు తట్టి, 200 ఇళ్ల సమాచారంతో వెనక్కి వచ్చాం.

ఈ రెండూ కలిపి లెక్క వేస్తే, నాణెం పద్ధతిలో 24 శాతానికి అటూ ఇటూ 9.5 పాయింట్ల తేడా ఉంటుంది. అంటే అసలు అంకె 14.5 నుంచి 33.5 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఇలాంటి సర్వే వందసార్లు చేస్తే దాదాపు 95 సార్లు నిజం ఇలా గీసుకున్న గీతల మధ్యలో పడుతుంది. అందరూ నిజమే చెబుతారన్న హామీతో అవే 400 ఇళ్లను నేరుగా అడిగి ఉంటే తేడా అటూ ఇటూ 4.2 పాయింట్లే. నాణెంతో ఆ ఖచ్చితత్వం రావాలంటే 400 ఇళ్లు చాలవు. రెండు వేలకు పైగా ఇళ్లు తిరగాలి. ఐదు రెట్ల పని, ఐదు రెట్ల జీతభత్యాలు.

అరుదైన పనుల దగ్గర ఈ ఖర్చు మరీ పెరుగుతుంది. అడిగే పని సగం మంది చేసేదైతే మూడు రెట్ల ఇళ్లతో సరిపోతుంది. నూటికి ఐదుగురు మాత్రమే చేసేదైతే 21 రెట్లు కావాలి. అలాంటి పని గురించి 400 ఇళ్లలో నాణెంతో అడిగితే జవాబు ‘5 శాతం, అటూ ఇటూ 10’ అని వస్తుంది. దాంతో ఎవరూ ఏమీ చేయలేరు. ఒక్కోసారి బొమ్మలు తక్కువ పడి ‘అవును’లు 190కే ఆగిపోతే, లెక్క ప్రకారం మైనస్ 5 శాతం ఇళ్లు బియ్యం అమ్మినట్టు తేలుతుంది! నవ్వొచ్చే ఫలితమే కానీ లెక్కలో తప్పు లేదు. అది సర్వే చిన్నదని చెప్పే గుర్తు.

మరి ఇంత ఖర్చు ఎందుకు పెట్టుకోవాలి? నేరుగా అడిగినప్పుడు జరిగేది ఊహించండి. నిజంగా 24 శాతం ఇళ్లు అమ్ముతున్నా, మూడింట ఒక ఇల్లే ఒప్పుకుందనుకోండి. 8 శాతం అని వస్తుంది, తేడా అటూ ఇటూ 2.7 పాయింట్లు మాత్రమే. చూడటానికి చాలా పక్కాగా కనిపిస్తుంది. కానీ అది పక్కాగా ఉన్న తప్పు. ఇళ్ల సంఖ్యను పదింతలు చేసినా 8 దగ్గరే కూర్చుంటుంది, 24కు రాదు. నాణెం వల్ల వచ్చే తడబాటు ఇళ్లు పెరిగేకొద్దీ తగ్గుతుంది. అబద్ధం వల్ల వచ్చే తప్పు తగ్గదు. అందుకే జనం నిజంగా దాచే విషయాలకే ఈ పద్ధతి. ‘మీ వీధిలో కొళాయి నీళ్లు వస్తున్నాయా’ అని అడగడానికి నాణెం ఎగరేయమనడం డబ్బు తగలేయడమే.

అమ్మని వారికే ఎక్కువ ఇబ్బంది

కాగితం మీద ఇంతవరకూ బాగానే ఉంది. గుమ్మం దగ్గర బెడిసికొట్టేది ఇంకొకచోట. మొదట్లో నాకు కూడా ఇది తట్టలేదు.

ఈ పద్ధతి రక్షించేది ఎవర్ని? అమ్మినవారిని. కానీ ఇబ్బంది పెట్టేది ఎవర్ని? ఎన్నడూ ఒక్క గింజ అమ్మని ఇంట్లో ఆవిడకు బొమ్మ పడింది. ఇప్పుడామె తన నోటితో ‘అవును, అమ్మాను’ అనాలి. ‘‘మేం చేయని తప్పు ఎందుకు ఒప్పుకోవాలండీ?’’ అనుకుంటుంది. పక్కింటావిడ కూడా అక్కడే నిలబడి వింటుంటే మరీ కష్టం. ఆమె నెమ్మదిగా ‘కాదు’ అనేస్తుంది. ఆమె చెప్పింది నిజమే. కానీ మన లెక్కకు అదే పెద్ద దెబ్బ.

ఎంత దెబ్బో చూడండి. బొమ్మ పడిన 200 మందిలో పదిమందికి ఒకరు చొప్పున 20 మంది ఇలా ‘కాదు’ అన్నారనుకోండి. 248 రావాల్సిన ‘అవును’లు 228కి తగ్గుతాయి. 200 తీసేస్తే 28. అంటే 14 శాతం. పదిమందిలో ఒక్కరు మాట తప్పితే ఫలితం పది పాయింట్లు కూలిపోయింది. ఐదుగురిలో ఒకరు తప్పితే 4 శాతానికి దిగుతుంది. అది నేరుగా అడిగితే వచ్చే 8 కంటే అధ్వానం. ఇది ఊహ మాత్రమే కాదు. లెస్లీ జాన్, జార్జ్ లోవెన్‌స్టీన్ తదితరులు 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో, కొన్నిచోట్ల నాణెం పద్ధతిలో వచ్చిన అంకె నేరుగా అడిగితే వచ్చిన దాని కంటే తక్కువగా తేలింది. తప్పు ఒప్పుకున్నట్టు కనబడతామేమో అన్న జంకే కారణమని వారు చెప్పారు.

దీనికి తోడు ‘కాదు’ అన్న మాటకు ఇక్కడ పూర్తి రక్షణ ఉంది. నియమం ప్రకారం ‘కాదు’ అనగలిగేది బొరుసు పడి, అమ్మని వారే. అంటే ‘కాదు’ అన్న ఇల్లు వంద శాతం నిర్దోషి. మరోవైపు 248 ‘అవును’లలో నిజంగా అమ్మిన ఇళ్లు 96, అంటే నూటికి 39. నాణెం ఎగరేయకముందు ఏ ఇంటి మీదైనా ఉన్న అనుమానం నూటికి 24. ‘అవును’ అనగానే అది 39కి పెరిగింది. సాక్ష్యం కాకపోయినా అనుమానం పెరగడం జనానికి లెక్కలు రాకపోయినా తెలుస్తుంది. తెలివైన వారు ‘కాదు’ వైపే పరుగెడతారు.

ఈ రెండు ఇబ్బందుల్నీ కొంత తగ్గించడానికి నాణెం బదులు పాచిక వాడతారు. పిల్లలు లూడో ఆడుకునేదే. 1 పడితే ‘కాదు’, 6 పడితే ‘అవును’, 2 నుంచి 5 వరకు ఏది పడినా నిజం. దక్షిణ నైజీరియాలో సాయుధ ముఠాలతో పరిచయాల గురించి జనాన్ని ఇలాగే పాచికతో అడిగారు. ఆ సర్వే లెక్కల్ని గ్రేమ్ బ్లెయిర్, కొసుకే ఇమాయ్, యాంగ్-యాంగ్ జౌ 2015లో వివరించారు. ఇందులో ‘కాదు’ అన్నా నిర్దోషి అని తేలిపోదు కాబట్టి అటు పరుగెత్తే ఆకర్షణ తగ్గుతుంది. బలవంతంగా ‘అవును’ అనాల్సినవారు సగం మంది కాదు, ఆరుగురిలో ఒకరే.

ఖచ్చితత్వమూ మెరుగవుతుంది. మన 400 ఇళ్లలో పాచికతో అడిగితే 131 దాకా ‘అవును’లు వస్తాయి, తేడా 9.5 నుంచి అటూ ఇటూ 6.9కి తగ్గుతుంది. కానీ ఆ 131లో 80 ఇళ్లు నిజంగా అమ్మినవే, నూటికి 61. ఖచ్చితత్వం ఒక పక్క పెరిగితే రక్షణ మరో పక్క తరిగింది. నిజం చెప్పాల్సిన అవకాశాన్ని సగం దగ్గర పెట్టాలా, మూడింట రెండొంతుల దగ్గర పెట్టాలా అన్నది సర్వే చేసేవారు ముందే తేల్చుకోవాల్సిన బేరం. జనం కార్డు పోతుందని వణుకుతున్న చోట పాచిక కంటే నాణెమే నయమని నాకు అనిపిస్తుంది, ఇళ్లు ఎక్కువ తిరగాల్సి వచ్చినా.

మాట తప్పారని ఎలా తెలుస్తుంది?

ఏ ఒక్క ఇంటి గురించీ తెలియదు. మొత్తంగా మాత్రం పట్టుకోవచ్చు. సర్వేలో ఎవరూ చేసి ఉండని పని గురించి ఒక ప్రశ్న కలుపుతారు. దానికి నాణెం నియమం పాటిస్తే 400లో 200 దగ్గర ‘అవును’లు రావాలి. 150 వస్తే, అది నాణెం తప్పు కాదు. జనం బొమ్మ పడినా ‘అవును’ అనడం లేదన్నమాట. ఆ వెలితిని బట్టి అసలు ప్రశ్న ఫలితాన్ని ఎంత నమ్మవచ్చో అంచనా వేస్తారు.

ఇంకో దారి ఒమర్ అజ్‌ఫర్, పీటర్ మరెల్ చూపించారు. రొమేనియాలో చేసిన సర్వే ఆధారంగా 2009లో వారి పరిశోధన వెలువడింది. ఒకే మనిషిని ఏడు ఇబ్బందికర ప్రశ్నలు, ప్రతిసారీ నాణెం ఎగరేయించి అడిగారనుకోండి. ఏడింటికీ ‘కాదు’ అనాలంటే ఏడుసార్లూ బొరుసే పడాలి. ఆ అవకాశం 128లో ఒకటి. 400 మందిలో అలాంటివారు ముగ్గురుండాలి. ముప్పై మంది కనిపిస్తే, వారిలో చాలామంది నాణేన్ని పక్కనపెట్టి నోరు నొక్కుకున్నారని అర్థం.

అసలు జవాబు ముందే తెలిసిన చోట ఈ పద్ధతిని పరీక్షించారా అంటే, పరీక్షించారు. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో 2011లో గర్భస్రావాలకు సంబంధించిన ఒక సవరణపై ఓటింగ్ జరిగింది. ఓట్ల లెక్క అధికారికంగా ఉంది. తర్వాత ఓటర్లనే అడిగి, ఏ పద్ధతి ఆ లెక్కకు దగ్గరగా వస్తుందో చూశారు. 2016లో వచ్చిన ఆ ఫలితాల్లో నేరు ప్రశ్న బాగా తప్పింది, రాండమైజ్డ్ రెస్పాన్స్ అన్నిటికంటే దగ్గరగా వచ్చింది. అలాగని 2018 ప్రయోగాలు కొట్టివేయాల్సినవి కావు. నియమం అర్థమయ్యేలా చెప్పి, ముందు ఒకటి రెండు సరదా ప్రశ్నలతో సాధన చేయించారా లేదా అన్నదాని మీద చాలా ఆధారపడి ఉంటుంది. ‘నిన్న మీ ఇంట్లో పప్పు వండారా?’ అంటూ రెండుసార్లు నాణెం ఎగరేయిస్తే, చేయని పనికి ‘అవును’ అనడం అబద్ధం కాదు, ఆట నియమం అని గుమ్మంలోనే బోధపడుతుంది.

నాణెం సరిచేయలేనివీ ఉన్నాయి. అడిగే మాట సరిగా లేకపోతే ఏ పద్ధతీ ఆదుకోదు. ‘అమ్మారా’ అని అడిగితే, కోటా బియ్యం ఇచ్చి బదులుగా ఇంకో సరుకు తెచ్చుకున్న ఇల్లు నిజాయితీగానే ‘కాదు’ అంటుంది. కోళ్లకు వేసినవారూ అంతే. ఇంటి పెద్దకు తెలియకుండా మరొకరు అమ్మితే అదీ లెక్కలోకి రాదు. అడిగేదెవరన్నది కూడా ముఖ్యమే. కార్డుల పని చూసే సచివాలయం నుంచి వచ్చిన మనిషే నాణెం ఎగరేయమంటే, అటు తిరిగి నిల్చున్నా జనం నమ్మరు. ప్రభుత్వం నుంచి వచ్చే ఐవీఆర్ఎస్ కాల్‌లో ‘అవునైతే ఒకటి నొక్కండి’ అన్నా అంతే. ఫోన్ నంబరు వారి దగ్గరే ఉందని అందరికీ తెలుసు.

ఫోన్ మాట వచ్చింది కాబట్టి, ఇదే నాణెం మీ చేతిలో కూడా తిరిగి ఉండొచ్చు. క్రోమ్ బ్రౌజర్ వాడేవారి సెట్టింగుల వంటి వివరాలను ఎవరివో తెలియకుండా సేకరించేందుకు గూగుల్ 2014లో రాపర్ అనే విధానాన్ని ప్రకటించింది. వివరం ఫోన్ లేదా కంప్యూటర్ దాటకముందే యంత్రమే లోపల నాణెం ఎగరేసి జవాబును అటూ ఇటూ చేసి పంపుతుంది. అక్కడ అందేవి కోట్ల జవాబులు కాబట్టి ఐదు రెట్లు, ఇరవై రెట్లు అన్న నష్టం లెక్కలోకే రాదు. నిడదవోలులో రైస్ కార్డున్న ప్రతి ఇంటినీ అడిగినా కోట్ల జవాబులు రావు. అక్కడ సర్వేకు బడ్జెట్ వేసేవారు మొదట తేల్చుకోవాల్సింది, రెండు వేల గుమ్మాలు ఎక్కడానికి ఎంతమంది కావాలి, ఎన్ని రోజులు పడుతుందన్నదే.